వర్ణం అంటే రంగే, కాని ఎవరి రంగు?

తెలుగులో వర్ణం అన్న మాట ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా వాడుకలో ఉందో ఒకసారి చూస్తే, దానిని ఒంటి రంగుకు కట్టిపడేయడం ఎంత కష్టమో తెలుస్తుంది. అక్షరాల వరస వర్ణమాల, ఉన్నదున్నట్టు కళ్లకు కట్టడం వర్ణన, కచేరీ మొదట్లో పాడేది వర్ణం, ముఖం వెలవెలబోతే వివర్ణం. ఈ మాటే ప్రాకృతం మీదుగా మనకు వన్నె అయింది. పదహారు వన్నెల బంగారం అన్నప్పుడు మనం చెప్పేది పసుపుపచ్చని రంగు గురించి కాదు, మేలిమి గురించి. గీటురాయి మీద గీత రంగును చూసి బంగారం ఎంత స్వచ్ఛమైనదో తేల్చేవారు. చంద్రగుప్త మౌర్యుని కాలానిదని పేరుపడిన అర్థశాస్త్రంలో కూడా బంగారాన్ని పదహారు వర్ణకాలుగా విభజించే పద్ధతి కనబడుతుంది. అంటే, కంటికి కనబడే రంగును చెప్పే మాట, ఆ రంగును బట్టి చేసే తరగతి పేరుగా మారిపోయింది. మనుషుల విషయంలోనూ ఇలాగే జరిగిందా, జరిగితే ఆ మొదటి రంగు చర్మానిదేనా అన్నది రెండు శతాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న.

మాట పుట్టుక దగ్గర పెద్ద వివాదం లేదు. వేద పదాల పుట్టుకను వివరించే నిరుక్తంలో యాస్కుడు ‘వర్ణో వృణోతేః’ అన్నాడు. కప్పడం, చుట్టుముట్టడం అన్న అర్థమున్న వృ ధాతువు నుంచి వర్ణం వచ్చిందని దాని భావం. ఒక వస్తువును పైన కప్పి ఉండేది, పైకి కనిపించేది, కాబట్టి రంగు. అదే రూపంలో ఉన్న మరో ధాతువుకు ఎంచుకోవడం అనే అర్థం కూడా ఉంది. వరుడు, వరం, వరణం దాని బిడ్డలే. వర్ణం అంటే మనిషి ఎంచుకున్న వృత్తి అని చెప్పాలనుకునేవారు ఈ రెండో ధాతువును పట్టుకుంటారు గాని, వేదంలో ఈ మాట వాడుక చూస్తే మొదటి అర్థమే నిలబడుతుంది. ఋగ్వేదంలో వర్ణం సుమారు ఇరవై రెండు చోట్ల వస్తుందనీ, వాటిలో పదిహేడు చోట్ల అది ఉషస్సు, అగ్ని, సోముడు వంటి దేవతల కాంతిని, రూపాన్ని, రంగును చెబుతుందనీ అంబేద్కర్ 1946లో ప్రచురించిన శూద్రుల చరిత్ర గ్రంథంలో లెక్క తేల్చారు. తగాదా అంతా మిగిలిన కొద్ది చోట్ల గురించి, ముఖ్యంగా ఆర్య, దాస అన్న మాటలతో కలిసి వర్ణం వచ్చిన రెండు మూడు మంత్రాల గురించి.

వాటిలో అన్నిటికంటే ఎక్కువగా ఉదహరించేది మూడో మండలంలోని ముప్పై నాలుగో సూక్తం. అందులో తొమ్మిదో మంత్రం చివర ‘హత్వీ దస్యూన్ ప్రార్యం వర్ణమావత్’ అని ఉంది: ఇంద్రుడు దస్యులను చంపి ఆర్య వర్ణాన్ని కాపాడాడు. ఈ పాదాన్ని విడిగా తీసి చూపిస్తే, తెల్లని ఆర్యులు నల్లని దస్యులను జయించిన చరిత్ర చదివినట్టే ఉంటుంది, పందొమ్మిదో శతాబ్దపు పాఠకులు చాలామంది అలాగే చదివారు. కాని సూక్తం మొదటి నుంచి చదువుకుంటూ వస్తే దారి వేరుగా కనబడుతుంది. మూడో మంత్రంలో ఇంద్రుడు వృత్రుణ్ణి చుట్టుముట్టాడు. అక్కడి క్రియ ‘అవృణోత్’, అంటే వర్ణానికి మూలమైన ఆ వృ ధాతువే. నాలుగో మంత్రంలో ఆయన పగళ్లను పుట్టించాడు, మనువు కోసం పగటి ధ్వజాన్ని వెలిగించాడు, వెలుగును కనుగొన్నాడు. ఐదో మంత్రంలో ‘ప్రేమం వర్ణమతిరచ్ఛుక్రమాసామ్’ అని వస్తుంది, అంటే వీటి ఈ ప్రకాశవంతమైన వర్ణాన్ని ఆయన ముందుకు తెచ్చాడు. ‘వీటి’ అన్న స్త్రీలింగ సర్వనామం ఉషస్సులను సూచిస్తుందని ఎక్కువమంది అనువాదకుల అభిప్రాయం. తరువాత తొమ్మిదో మంత్రం: గుర్రాలను గెలిచాడు, సూర్యుణ్ణి గెలిచాడు, ఆవును గెలిచాడు, బంగారాన్ని గెలిచాడు, దస్యులను చంపి ఆర్య వర్ణాన్ని కాపాడాడు.

నాలుగు మంత్రాల తేడాతో ఒకే కవి ఒకే మాటను రెండుసార్లు వాడాడు. మొదటిసారి అది తెల్లవారుజాము వెలుగు. రెండోసారి అది మనుషుల గుంపు పేరే కావచ్చు, కాని ఆ గుంపును సూర్యుణ్ణి గెలవడం అన్న మాట పక్కనే నిలబెట్టాడు. ఈ సూక్తంలో ఆర్యులు వెలుగు వైపున్నవారు, దస్యులు వెలుగును దాచిపెట్టినవారు. ఇదంతా చీకటి వెలుగుల పోరాటం. రెండో మండలం పన్నెండో సూక్తంలో ఇంద్రుడు ‘దాస వర్ణాన్ని’ కిందికి తొక్కి గుహలో పెట్టాడన్నా, అక్కడా అదే ఊహ పని చేస్తోంది. ఆవులను, ఉషస్సులను దాచిన గుహ వేద కవులకు బాగా ఇష్టమైన దృశ్యం. జర్మన్ మూలాల నుంచి వచ్చిన అమెరికన్ భాషాశాస్త్రవేత్త హాన్స్ హాక్ 1999లో ఈ మంత్రాలన్నిటినీ వరసగా పరిశీలించి, నలుపు తెలుపుల ఈ మాటలు ఒంటి రంగును కాక సిద్ధాంతపరమైన చీకటి వెలుగులను చెబుతున్నాయని వాదించాడు. మనం కూడా చీకటి మనసు, నల్లబజారు అని అంటూనే ఉన్నాం, అలా అన్నప్పుడు ఎవరి ముఖాన్నీ చూడం.

అయితే ఈ వాదం అన్ని చోట్లా అంత సులువుగా చెల్లదు. ఒకటో మండలంలో ఇంద్రుడు వ్రతం లేనివారిని మనువు కోసం శిక్షించి ‘త్వచం కృష్ణామ్’, నల్లని చర్మాన్ని, లొంగదీశాడని ఉంది. తొమ్మిదో మండలంలో సోమరసం ‘నల్లని చర్మాన్ని తరిమికొట్టేది’. ఇక్కడ ఉన్న మాట వర్ణం కాదు, సూటిగా చర్మమే. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరంలో భాష్యం రాసిన సాయణుడు, మొదటి మంత్రానికి కృష్ణుడనే అసురుడి కథ చెప్పి, అతని చర్మాన్ని ఇంద్రుడు ఒలిచాడని వివరించాడు. అంటే ఆయనకు అది ఒక జాతి వర్ణనగా తోచలేదు. ఆధునికుల్లో కొందరు నల్లని చర్మమంటే భూమిని కప్పిన చీకటి పొర అంటారు. నాకు మాత్రం ఈ కొద్ది చోట్ల మనుషుల ఒంటి రంగును పూర్తిగా తోసిపుచ్చడం మొండితనంగానే కనిపిస్తుంది. శత్రువును నల్లవాడని తిట్టే కవికి, తన ఎదుట ఉన్నవాళ్లలో కొందరి నల్లదనం కనబడి ఉండదని ఎలా అనగలం? కాని తిట్టు ఒకటి, సమాజాన్ని విభజించే కొలబద్ద ఒకటి.

దస్యులను వేరుచేసే కొలబద్ద ఏదో ఆ కవులే మరోచోట చెప్పారు. పదో మండలంలో ‘అకర్మా దస్యురభి నో అమన్తురన్యవ్రతో అమానుషః’ అన్నారు: కర్మ లేనివాడు, ఆలోచన లేనివాడు, వేరే వ్రతం పట్టినవాడు, మనిషి కానివాడు. యజ్ఞం చేయనివాడు, దేవతలను కొలవనివాడు అన్న విశేషణాలే అడుగడుగునా వస్తాయి. ముక్కు గురించి ఒకే ఒక చోట వస్తుందని ఒకప్పుడు గట్టిగా నమ్మారు. ఐదో మండలంలోని ‘అనాసః’ అన్న మాటను మాక్స్ ముల్లర్ అ-నాస అని విడగొట్టి ముక్కు లేనివారు, అంటే చప్పిడి ముక్కువారు అన్నాడు. సాయణుడు దానినే అన్-ఆస అని విడగొట్టి నోరు లేనివారు, మాట సరిగా రానివారు అన్నాడు. అదే మంత్రంలో దస్యులను ‘మృధ్రవాచః’, చెడ్డ మాట పలికేవారు, అని కూడా అన్నారు కాబట్టి సాయణుడి విడదీతకే బలం ఎక్కువ. ఒక సంధిని ఎక్కడ విడగొట్టాలన్న ప్రశ్న మీద ఒక జాతి సిద్ధాంతం సగం బరువు పెట్టి నిలబడింది.

ఇంతవరకు ఉన్నవి రెండే వర్ణాలు. నాలుగు వర్ణాల సంగతి వచ్చేసరికి చిత్రమైన విషయం ఒకటి ఉంది. బ్రాహ్మణుడు ముఖం నుంచి, రాజన్యుడు బాహువుల నుంచి, వైశ్యుడు తొడల నుంచి, శూద్రుడు పాదాల నుంచి పుట్టారని చెప్పే పురుషసూక్తంలో వర్ణం అన్న మాటే లేదు. ఏ రంగూ లేదు. ఋగ్వేదంలో ఆలస్యంగా చేరినదిగా పండితులు భావించే ఆ సూక్తం, సమాజాన్ని శరీర భాగాలతో పోల్చింది తప్ప రంగులతో కాదు. ‘చత్వారో వై వర్ణాః’ అన్న స్పష్టమైన మాట తరువాతి కాలపు శతపథ బ్రాహ్మణంలో దొరుకుతుంది. అప్పటికి వర్ణం అంటే తరగతి అన్న అర్థం స్థిరపడిపోయింది. ఇరాన్ వైపు చూస్తే, జరతుష్ట్ర మతస్థుల పవిత్ర గ్రంథమైన అవెస్తాలో సమాజ తరగతికి పిష్త్ర అన్న మాట వాడారు. అదీ రంగు వేయడం, అలంకరించడం అన్న అర్థం గల ధాతువుతో సంబంధమున్నదేనని భాషావేత్తలు చెబుతారు. అక్కడ పూజారి, యోధుడు, రైతు, చేతిపనివాడు అన్న తరగతులను చెప్పేటప్పుడు నల్లని దాసుల ప్రసక్తి లేదు. కాబట్టి తరగతిని రంగు మాటతో పిలవడం, ఈ నేల మీద రెండు చాయల మనుషులు ఎదురుపడడం కంటే పాత అలవాటు అయి ఉండవచ్చని ఫ్రెంచ్ పండితుడు జార్జ్ డ్యుమెజిల్ వంటివారు ఊహించారు.

నాలుగు వర్ణాలకు నాలుగు రంగులు తగిలించిన ప్రసిద్ధ శ్లోకం మహాభారతం శాంతిపర్వంలో భృగు భరద్వాజ సంవాదంలో ఉంది. భృగువు ఇలా మొదలుపెడతాడు: ‘బ్రాహ్మణానాం సితో వర్ణః క్షత్రియాణాం తు లోహితః, వైశ్యానాం పీతకో వర్ణః శూద్రాణామసితస్తథా’. బ్రాహ్మణులది తెలుపు, క్షత్రియులది ఎరుపు, వైశ్యులది పసుపు, శూద్రులది నలుపు. వర్ణమంటే చర్మమేనని వాదించేవారు ఇక్కడితో ఆపేస్తారు. కాని భరద్వాజుడు అక్కడే అడ్డు తగిలాడు. రంగును బట్టే వర్ణాలు విడిపోతే, అన్ని వర్ణాల్లోనూ రంగులు కలగాపులగంగా కనబడుతున్నాయి కదా అన్నాడు. కోరిక, కోపం, భయం, లోభం, దుఃఖం, ఆకలి, అలసట మనందరినీ పట్టి ఉన్నప్పుడు వర్ణ విభాగం ఎలా వచ్చిందని అడిగాడు. చెమట, మూత్రం, మలం, కఫం, పిత్తం, రక్తం అందరి ఒంట్లోంచీ కారుతున్నవే కదా అని నిలదీశాడు.

ఈ ప్రశ్న ఎంత విలువైనదో గమనించాలి. ఆధునిక సంస్కర్త ఎవరో వేసింది కాదు, ఆ గ్రంథంలోనే ఒక ఋషి వేసినది. ప్రతి వర్ణంలోనూ అన్ని చాయల మనుషులు ఉన్నారన్నది ఆ కాలపు పాఠకుడికి కంటికి ఎదురుగా ఉన్న సంగతి కాబట్టే ఈ అభ్యంతరం పనిచేస్తుంది. భృగువు కూడా దానిని కొట్టిపారేయలేదు. ‘న విశేషోఽస్తి వర్ణానాం సర్వం బ్రాహ్మమిదం జగత్’ అన్నాడు. వర్ణాలకు భేదం లేదు, మొదట అంతా బ్రాహ్మమే, పనులను బట్టి వేరువేరు వర్ణాలయ్యాయి. కోపం, సాహసం, భోగం మీద ప్రీతి ఉన్నవారు ఎర్రని అవయవాలతో క్షత్రియులయ్యారు, ఆవులనూ సేద్యాన్నీ నమ్ముకున్నవారు పసుపువారై వైశ్యులయ్యారు, హింస, అబద్ధం, లోభం పట్టినవారు నల్లబడి శూద్రులయ్యారు అని వివరించాడు. అంటే ఇక్కడి రంగు గుణానికి గుర్తు. పదిహేడో శతాబ్దపు వ్యాఖ్యాత నీలకంఠుడు దీన్ని సత్త్వ రజస్తమో గుణాల రంగులుగానే చదివాడు. ఒంటి రంగు ఎర్రగానో పసుపుగానో ఉన్న మనుషుల సమూహాలు ఎక్కడా లేవన్న మామూలు లోకజ్ఞానం ఇందుకు తోడు. అదే రంగుల వరసను వాస్తు గ్రంథాలు నేలకు కట్టాయి: తెల్లని నేల బ్రాహ్మణుడికి, ఎర్రనిది క్షత్రియుడికి, పసుపుది వైశ్యుడికి, నల్లనిది శూద్రుడికి మేలు అన్నాయి. నల్లరేగడిలో పంట తీసే రైతుకు ఈ వరస ఎలా తోచేదో ఊహించుకోవచ్చు. జైనుల లేశ్యలు, బుద్ధుడి కాలపు మరో మతశాఖ అయిన ఆజీవకుల ఆరు అభిజాతులు కూడా నలుపు నుంచి తెలుపు దాకా ఆత్మ స్థాయిని రంగులతో కొలిచినవే.

అయినా భృగువు జవాబుతో కథ ముగిసిందని సంతోషపడేవారితో నేను ఏకీభవించను. గుణానికి గుర్తుగా పెట్టిన రంగు, గుణంతోనే ఆగిపోదు. హింస, అబద్ధం, నలుపు, శూద్రుడు అన్న నాలుగు మాటలను ఒక శ్లోకంలో కుట్టేసిన తరువాత, వాటిలో ఒకటి కనబడితే మిగిలినవి తలపుకు రావడం ఎంతోసేపు పట్టదు. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దానికి చెందిన పతంజలి పాణిని వ్యాకరణం మీద రాసిన మహాభాష్యంలో దీనికి సాక్ష్యం ఉంది. అబ్రాహ్మణ అన్న సమాసాన్ని చర్చిస్తూ ఆయన, తెల్లని ఒళ్లు, శుచి అయిన నడవడి, పింగళ వర్ణం, కపిల కేశాలు అన్న వాటిని కూడా బ్రాహ్మణ్యానికి గుర్తులుగా చెబుతారన్నాడు. మినుముల కుప్ప లాంటి నల్లనివాడు అంగట్లో కూర్చుని ఉంటే, అతన్ని చూసి బ్రాహ్మణుడని ఎవరూ నిర్ణయించుకోరన్నాడు. ఇది తాత్త్విక సంకేతం కాదు, వీధిలో మనిషిని చూసి అంచనా వేసే మామూలు అలవాటు. పాళీ సుత్తాల్లో బుద్ధుడితో వాదించే బ్రాహ్మణుల నోట ‘బ్రాహ్మణులే తెల్లని వర్ణం, మిగిలినవి నల్లనివి’ అన్న గొప్ప వినబడుతుంది, బుద్ధుడు దానిని ఎగతాళి చేయడానికే అది అక్కడ ఉంది.

మళ్లీ అదే సంప్రదాయంలో ఎదురు సాక్ష్యమూ ఉంది. బృహదారణ్యకోపనిషత్తు చివర్లో, కావలసిన సంతానం కోసం దంపతులు ఏం తినాలో చెప్పే భాగంలో, ఒక వేదం చదివే తెల్లని కొడుకు కావాలంటే పాలన్నం, రెండు వేదాలు చదివే కపిల వర్ణపు కొడుకు కావాలంటే పెరుగన్నం, మూడు వేదాలు చదివే నల్లని, ఎర్రని కన్నుల కొడుకు కావాలంటే నీళ్లతో వండిన అన్నం నెయ్యితో తినమన్నారు. వేదాల లెక్క పెరిగేకొద్దీ చాయ ముదురుతోంది. వ్యాసుడు కృష్ణ ద్వైపాయనుడు, ద్రౌపది కృష్ణ. పతంజలి అంగట్లో చూసిన తీర్పు, ఉపనిషత్తు వంటింట్లో కోరిన కోరిక, రెండూ ఒకే నాగరికతలోవే. ఏదో ఒకటి పట్టుకుని ‘మన పూర్వులు రంగు చూసేవారు’ అనో, ‘చూసేవారు కారు’ అనో తేల్చేవారు రెండో దానిని దాచిపెట్టినట్టే.

ఇంత చిక్కుగా ఉన్న విషయాన్ని ఒకే గీతగా సాపు చేసింది పందొమ్మిదో శతాబ్దం. యూరప్‌లో మనుషులను జాతులుగా కొలిచే ఉత్సాహం పెరిగిన కాలంలో, వర్ణం అంటే రంగు అన్న నిఘంటువు అర్థం సిద్ధంగా చేతికి దొరికింది. 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణించే సూచికతో కులాలను కొలిచాడు. ముక్కు ఎంత వెడల్పయితే సామాజిక స్థాయి అంత తక్కువ అన్న సూత్రం చెప్పాడు. సమాజశాస్త్రవేత్త జి. ఎస్. ఘుర్యే 1932లో కులం, జాతి మీద రాసిన పుస్తకంలో వర్ణం మొదట ఆర్య, దాసుల మధ్య రంగు భేదమేనని ఒప్పుకుంటూనే, రిస్లీ వర్గపు కొలతలను తిరిగి లెక్కగట్టాడు. కులం మెట్టుకూ ముక్కు సూచికకూ పొందిక ఉత్తర హిందూస్థాన ప్రాంతంలోనే కాస్త కనబడింది, బెంగాల్, బొంబాయి, మద్రాసు వైపు ఆ వరస చెదిరిపోయింది. పైగా యునైటెడ్ ప్రావిన్సెస్ బ్రాహ్మణుల కొలతలు తమ పొరుగు కులాల కంటే పంజాబులో పారిశుద్ధ్య పని చేసే కులం కొలతలకు దగ్గరగా ఉన్నాయి. అంబేద్కర్ ఘుర్యే కంటే ముందుకు వెళ్లి, రంగు అర్థాన్నే ప్రశ్నించాడు. అవెస్తాలోని వరణ, వరేన అన్న మాటలకు విశ్వాసం, మతం అన్న అర్థాలున్నాయనీ, ఆర్య, దాస వర్ణాలు రెండు మత సమూహాలనీ వాదించాడు. ఆ అవెస్తా మాటలు ఎంచుకోవడమనే రెండో వృ ధాతువుకు చెందినవి కాబట్టి భాషావేత్తలు ఈ పోలికను అంతగా ఒప్పుకోలేదు. అయినా, దస్యులను వేరుచేసింది వ్రతం, యజ్ఞం అన్న ఆయన పరిశీలన మంత్రాల మాటలతో సరిపోతుంది.

ఈమధ్య జన్యుశాస్త్రం కూడా ఇందులోకి వచ్చింది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2013లో వెలువడిన ఒక అధ్యయనం, ఉత్తర, దక్షిణ మూలాల జనాభాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట విస్తారంగా కలిసిపోయాయనీ, తరువాత ఆ కలయిక చాలావరకు ఆగి ఎవరి గుంపులో వారే పెళ్లాడే పద్ధతి బిగిసిందనీ తేల్చింది. అదే ఏడు వచ్చిన మరో అధ్యయనం చర్మపు రంగును లేతపరిచే ఒక జన్యు రూపాన్ని ఉపఖండమంతటా వెతికింది. దాని వాటా ప్రాంతాన్నీ భాషా కుటుంబాన్నీ బట్టి మారుతోంది, నాలుగు వర్ణాల మెట్ల వరస ఒక్కటే దానిని వివరించజాలదు. రంగుల కలగాపులగాన్ని చెప్పడానికి భరద్వాజుడు వాడిన ‘వర్ణసంకరం’ అన్న మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

తెలుగు నేల మీద నాలుగు వర్ణాల చట్రం ఎప్పుడూ సరిగా ఇమడలేదు. ఇక్కడ ఊళ్లను, కోటలను ఏలినవారిలో చాలామంది నాలుగో వర్ణం వారే. కాకతీయులు కొన్ని శాసనాల్లో తమను చతుర్థ కులం వారిగానే చెప్పుకొన్నారు. ఆ తరువాత వచ్చిన రెడ్డి రాజుల కాలపు శాసనాల్లో నాలుగో వర్ణం విష్ణు పాదాల నుంచి పుట్టిందనీ, గంగ కూడా ఆ పాదాల నుంచే పుట్టిందనీ గర్వంగా రాయించారు. పురుషసూక్తపు పాదాలను తీసుకుని వాటిని గౌరవ చిహ్నంగా మార్చుకున్నారు గాని, శాంతిపర్వపు నలుపును వారు ముట్టుకోలేదు, ఖండించనూ లేదు. వర్ణం వారికి వంశానికి సంబంధించిన మాట, ఒంటికి సంబంధించినది కాదు.

ఒంటి రంగుకు మనకు వేరే మాటలున్నాయి: పచ్చని మేని చాయ, ఎరుపు, చామనచాయ, నలుపు. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఇప్పటికీ కులానికి ఒక గడి, శాఖకు ఒక గడి, చాయకు మరో గడి ఉంటాయి. కులం చెప్పాక కూడా చాయ విడిగా అడగవలసి వస్తోందంటే, కులం గడి చాయను చెప్పజాలదని ఆ ప్రకటన రాసేవారికి బాగా తెలుసు. చాయ గడిని ఖాళీగా వదిలితే ఫోన్ చేసి మరీ అడుగుతారని కూడా తెలుసు.